నొప్పి తిరిగొచ్చిన రాత్రి

ఏడేళ్ల పిల్ల నొప్పితో గుక్కపట్టి ఏడుస్తుంటే డాక్టరమ్మ చప్పట్లు కొట్టి నవ్విందని చేవెళ్ల, మొయినాబాద్ చుట్టుపక్కల ఊళ్లలో నా గురించి ఒక మాట తిరుగుతూ ఉంటుంది. అది పుకారు కాదు. నిజంగానే కొట్టాను. చప్పట్ల సంగతి పది ఊళ్లకు తెలిసింది గానీ, ఎందుకు కొట్టానో తెలిసినవాళ్లు నలుగురే. అందుకే ఇది రాస్తున్నాను.

అప్పటికి నేను డాక్టర్ చదువు ముగించి ఏడాది కాలేదు. చేవెళ్ల నుంచి షాబాద్ పోయే దారిలో ఎడమకు మళ్లి, టమాట తోటలూ బంతి తోటలూ దాటుకుంటూ లోపలికి పోతే వచ్చే ఊళ్లో మా సర్కారు దవాఖాన. పట్నం దగ్గరే కదా అని మా ఇంట్లో అందరూ సంబరపడ్డారు. పగలు చూస్తే దగ్గరే. రాత్రి ఎనిమిది దాటి ఆఖరి బస్సు వెళ్లిపోయాక మాత్రం ఆ పట్నం ఎక్కడో చంద్రమండలం మీద ఉన్నట్టుండేది.

ఆ వారం మా పెద్ద డాక్టరు ట్రైనింగు కోసం వెళ్లారు. వెళ్తూ వెళ్తూ బీరువా తాళాలు నా చేతిలో పెట్టి, "ఇక నీదే రాజ్యం" అన్నారు. తేలుకు పెత్తనమిస్తే తెల్లవార్లూ కుట్టిందని సామెత. నేను ఆ పెత్తనంతో మూడు రోజుల్లో చేసిన ఘనకార్యం అల్మరాల్లో మందులు సర్దించడం, బయట గోడ మీద చెప్పుల స్టాండుకు బాణం గుర్తు వేయించడం. నాలుగో రాత్రి తేలు నిజంగానే వచ్చింది.

పది గంటలైంది. నేనూ, స్టాఫు నర్సూ ఉన్నాం. ఆమె నాకంటే పదిహేనేళ్లు పెద్దది. నన్ను మేడం అంటుంది గానీ ఆ మేడంలో సగం "పిచ్చిపిల్లా" అని ఉంటుంది. నేను ఆమెను అక్కా అంటాను. అక్క టిఫిను గిన్నె మూత తీసిందో లేదో, ఆటో వచ్చి ఆగింది. అందులోంచి ఒక ముసలామె దిగింది. భుజాన చిన్నపిల్ల. పక్కింటాయన ఆటో, ఆయనే తోలుకొచ్చాడు.

ఆ అవ్వను నేనెరుగుదును. ఆ చుట్టూ ఎవరికి తేలు కుట్టినా మా దగ్గరికి రారు, ఆమె దగ్గరికే వెళ్తారు. వేపమండతో భుజం నుంచి వేలి దాకా నిమురుతూ, లోలోపల ఏదో చదువుతూ, ఊదుతూ "దించుతుంది". పైసా ముట్టదు. పైసలు ముడితే మంత్రం పోతుందట. వచ్చిన కొత్తలో నేను దవాఖాన మీటింగులో ఆమె పేరు ఎత్తకుండానే, మంత్రాల వల్ల నష్టాల గురించి పెద్ద ఉపన్యాసం ఇచ్చాను. ఆమె రెండో వరసలో కూర్చుని తలూపుతూ విన్నది. తర్వాత నాకు అర కిలో చిక్కుడుకాయ పంపింది.

"తేలు కుట్టింది బిడ్డా. నా మనుమరాలు. పూల సంచులు కుప్పేసినయి గద, గండ్ల చెయ్యి పెట్టింది. ఎర్ర తేలు. కొట్టి సంపినం. దించిన, దిగింది. గని కాళ్లు జర చూడు," అన్నది అవ్వ.

చివరి మాట నా చెవిన పడింది గానీ బుర్రకెక్కలేదు. తేలు వేలికి కుట్టింది కాబట్టి నేను వేలే చూశాను. చూపుడు వేలి చివర సూది మొన గుచ్చినంత గుర్తు, వాపు లేదు. పిల్ల కళ్లు తెరిచే ఉంది.

"నొస్తున్నదా అమ్మా?"

అడ్డంగా తల ఊపింది.

నా గుండె తేలికపడింది. నొప్పి లేదంటే విషం లేదనుకున్నాను. డాక్టరు చదువు చదివి, అవ్వ నమ్మిన అదే మాటను నేనూ నమ్మాను. ఆమెకు మంత్రం, నాకు ధైర్యం, ఇద్దరికీ ఒకటే లెక్క: ఏడుపు ఆగింది, గండం గడిచింది. చీటీ మీద నొప్పి మాత్ర రాసి, "పొద్దున తీసుకురా అవ్వా" అన్నాను.

అవ్వ కదల్లేదు. "కాళ్లు చూడమంటి గద."

ఆ గొంతులో అధికారం ఉంది. నేను పిల్ల పాదం పట్టుకున్నాను.

ఫ్రిజ్‌లోంచి తీసిన పాల ప్యాకెట్ పట్టుకున్నట్టయింది. చల్లగా, తడిగా ఉంది. మోకాలి దాకా అంతే. గౌను వీపు మీద పిండితే నీళ్లు కారేలా చెమట. ఎనిమిదింటికి కుట్టిందట. అరగంట ఇల్లు ఎగిరిపోయేలా ఏడ్చిందట. అవ్వ మంత్రం వేసింది, ఏడుపు ఆగింది. తర్వాత రెండుసార్లు కక్కుకుంది. చెమట పట్టింది. విషం చెమట దారిన పోతోందని అవ్వ సంతోషపడి, పిల్లను పడుకోబెట్టి, దుప్పటి కప్పబోతూ పాదం ముట్టుకుంది. "నేను దించినంక ఎవ్వలి కాళ్లు గిట్ల కాలే," అన్నది. అమ్మానాన్నలు బంతిపూల లోడుతో మొయినాబాద్ మీదుగా పట్నం మండికి వెళ్లారు, తెల్లారేదాకా రారు.

చల్లటి కాళ్లు, చెమట, వాంతులు, నూట నలభై కొట్టుకుంటున్న నాడి. నీళ్లు తగ్గి షాక్‌లోకి పోతోందనుకున్నాను. "అక్కా, సెలైన్ పెట్టు, ఫాస్ట్‌గా వదులు!" అని అరిచాను. అరవాల్సిన అవసరం లేదు, అక్క రెండడుగుల దూరంలో ఉంది. ఆ సన్నటి చేతిలో మొదటి పోటుకే నరం దొరకబుచ్చుకుంది అక్క. నేనైతే నాలుగు పోట్లు పొడిచేదాన్ని.

బీపీ చూద్దామంటే మిషను పట్టీ పెద్దవాళ్లది. చిన్నచేతికి పెద్ద పట్టీ చుడితే లెక్క తప్పు వస్తుంది. పిల్లల పట్టీ ఎక్కడుందో తెలియదు. నేను సర్దించిన అల్మరాల పుణ్యం! అక్క నా వైపు ఒక చూపు చూసి, దూదికట్టల వెనక నుంచి తీసింది. చుట్టి, గాలి కొట్టి, చెవులు రిక్కించి విన్నాను. నూట యాభై, కింద వంద.

తప్పు విన్నాననుకొని మళ్లీ చూశాను. అదే.

నీళ్లు తగ్గిన పిల్లకు బీపీ పడిపోవాలి. ఏడేళ్ల పిల్లకు నూట యాభై ఏమిటి? అప్పుడు ఎక్కడో క్లాసులో వెనక బెంచీలో విన్న పాఠం ఒళ్లు విరుచుకుని లేచింది. ఎర్ర తేలు విషం శరీరంలోని నరాలన్నిటినీ ఒకేసారి రెచ్చగొడుతుంది. రక్తనాళాలు బిగుసుకుపోతాయి. అందుకే కాళ్లూ చేతులూ చల్లబడతాయి. గుండె మూసిన తలుపులను నెట్టి నెట్టి అలసిపోతుంది. అలసిన గుండె వెనక, ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది. అక్కడికి వచ్చాక పిల్లలు బతకడం కష్టం. ఆ నీటికి నీళ్లు తోడుగా నేను సెలైన్ పరిగెత్తిస్తున్నాను.

"ఆపు అక్కా! ఆపెయ్!"

అక్క అప్పటికే చక్రం తిప్పి సన్నం చేసేసింది. బీపీ అంకె వినగానే తిప్పిందట. యాభై మిల్లీలీటర్లు కూడా పోలేదు. ఇది రాస్తుంటే కూడా నా చేతివేళ్లు చల్లబడుతున్నాయి. ఆ యాభై ఐదొందలు కానందుకు నేను రోజూ ఎవరికి దండం పెట్టాలో తెలియక అక్కకే పెడుతుంటాను.

వీపు మీద స్టెతస్కోపు పెట్టి విన్నాను. కింది భాగంలో, ఊపిరి పీల్చిన చివర, చెవి దగ్గర వెంట్రుకలు రెండు వేళ్ల మధ్య నలిపితే వచ్చే సన్నటి చప్పుడు. వేలికి పెట్టిన క్లిప్పు ఆక్సిజన్ తొంభై మూడు చూపించింది. నీరు రావడం మొదలైంది. తల కింద రెండు దిండ్లు పెట్టి, ఉన్న ఒక్క సిలిండరుకు మాస్కు తగిలించాం.

అంబులెన్సుకు ఫోన్ చేస్తే, అది ఇంకో కేసును తీసుకుని పట్నం పోయింది, రావడానికి రెండు గంటల పైనే పడుతుందన్నారు. ఆటోలో తీసుకుపోదామంటే ఆక్సిజన్ ఉండదు. పట్నంలో పిల్లల వార్డులో పనిచేసే నా సీనియర్‌కి ఫోన్ చేశాను. ఆయన నిద్రమత్తు గొంతుతోనే రెండు ముక్కల్లో తేల్చేశాడు: "ప్రాజోసిన్ ఉన్నదా? మొదటి డోసు పడకుండ ఆ పిల్లను కదిలించకు."

ప్రాజోసిన్ ఒక పాత బీపీ మాత్ర. బిగుసుకున్న రక్తనాళాలను వదులు చేస్తుంది. మా అల్మరాలో నాలుగు రకాల బీపీ మాత్రలున్నాయి గానీ అది లేదు. చేవెళ్లలో మందుల దుకాణాలు మూసేశారు.

అవ్వ నా ముఖంలోకి చూస్తోంది. "ఏమైతది బిడ్డా?" అని అడిగింది. అబద్ధం చెప్పలేకపోయాను. "మందు దొరికితే బతుకుతది అవ్వా," అన్నాను. అవ్వ పిల్ల పాదాలు రెండూ తన ఒళ్లోకి తీసుకుని కొంగుతో కప్పింది.

బీపీ మాత్రలు... బీపీ మాత్రలు... నాకు బిస్కెట్ డబ్బా గుర్తొచ్చింది.

రెండు కిలోమీటర్ల దూరంలో రిటైరైన లెక్కల సారు ఒకాయన ఉంటాడు. చర్చి పెద్ద. కిడ్నీ జబ్బు, బీపీ. అంతకు ముందు గురువారం బీపీ, షుగర్ వాళ్లను చూసే రోజు. మాత్రలన్నీ తెమ్మంటే, ఆయన నీలం రంగు బిస్కెట్ డబ్బా నిండా పట్టుకొచ్చాడు. పాతవీ కొత్తవీ, మానేసినవీ మార్చినవీ, ఇరవై రకాలు. ఈ ప్రాంతంలో ఒక్క మాత్ర కూడా పారేయరు. ఇంటింటికీ ఒక డబ్బా ఉంటుంది. నేను అందరి ముందూ ఆయన్ను ఉతికి ఆరేశాను. "ఇది డబ్బా కాదు సార్, విషాల దుకాణం. మానేసినయన్నీ ఈరోజే పారేయాలె. పొరపాటున మింగితే ఎట్ల?" అన్నాను. జీవితమంతా పిల్లలను తిట్టిన మనిషి, నా ముందు చేతులు కట్టుకుని నిలబడి, "ఎప్పుడన్న పనికొస్తయేమోనమ్మా" అన్నాడు. "రావు," అన్నాను నేను, మహా తెలిసినదానిలా. ఆ డబ్బాలో ప్రాజోసిన్ అన్న పేరు చదివినట్టు లీలగా జ్ఞాపకం.

అక్క రిజిస్టరులో నంబరు వెతికి ఫోన్ కలిపింది. నా ప్రార్థన ఒక్కటే: దేవుడా, ఆయన నా మాట విని ఉండకూడదు.

"సార్, ఆ డబ్బా... పారేసిండ్రా?"

"పారేసిన్నని చెప్పాల్నా, నిజం చెప్పాల్నా?"

"నిజం చెప్పండి సార్, మీ కాళ్లు మొక్కుతా!"

"ఉన్నది. మంచం కింద దాచిన."

అక్షరం అక్షరం చెప్పించాను. మొదట చదివింది ప్రాజోసినే, కానీ ఇప్పుడు ఆయన వాడుతున్న రకం, ఐదు మిల్లీగ్రాములది. రోజంతా కొంచెం కొంచెంగా వదిలేలా చేసిన మాత్ర. దాన్ని విరిచినా నూరినా మందంతా ఒక్కసారే బయటపడుతుంది, పిల్లకు ఇవ్వడానికి లేదు. ఫోన్ పెట్టెయ్యబోయాను. అప్పుడు ఆయన, "ఆగమ్మా, గిది కాక ఇంకోటున్నది. ముందుగాల్ల వాడింది. చిన్న మాత్ర. ఒక మిల్లీగ్రాము. ఏడు మిగిలినయి. డేటు వచ్చే ఏడాది దాకున్నది," అన్నాడు.

పది నిమిషాల్లో స్కూటర్ చప్పుడైంది. లుంగీ, స్వెట్టరు, మెడకు మఫ్లరు, ముందర కాళ్ల దగ్గర నీలం డబ్బా. డబ్బా నా బల్ల మీద పెట్టి, "విషాల దుకాణం వచ్చిందమ్మా," అన్నాడు. నేను తేలు కుట్టిన దొంగలా తల వంచుకుని మూత తీశాను.

పిల్లను అంతకుముందే బరువు తూచాం, అవ్వ ఎత్తుకుని నిలబడితే ఒకసారి, అవ్వ ఒక్కతే ఒకసారి, తేడా పద్దెనిమిది కిలోలు. కిలోకు ముప్పై మైక్రోగ్రాములు. పద్దెనిమిది ముప్పైలు ఐదు వందల నలభై. కాగితం మీద అంకెలు అలుక్కుపోతున్నాయి. "లెక్క నాకియ్యమ్మా," అని సారు కళ్లద్దాలు పెట్టుకున్నాడు. "మాత్రలో వెయ్యి మైక్రోలు. పది మిల్లీలీటర్ల నీళ్లల్ల కలిపితే ఒక్కో మిల్లీలీటరుకు వంద. నీకు కావాల్సింది ఐదు పాయింట్ నాలుగు." నేను వేసిన లెక్కా అదే. అయినా ఆయన నోట వినేసరికి టిక్కు పడ్డట్టయింది.

వాంతి అయితే మందు పోతుంది. కాబట్టి ముందు వాంతులు ఆగే ఇంజెక్షను నరంలోకి ఇచ్చి, పావుగంట ఆగాం. నా జీవితంలో అంత పొడుగు పావుగంట మళ్లీ రాలేదు. రెండు చెంచాల మధ్య మాత్రను మెత్తగా నూరి, కొలిచిన నీళ్లలో కలిపి, అడుగున పేరుకోకుండా తిప్పి తిప్పి, సిరంజిలో ఐదు పాయింట్ నాలుగు తీసి, బుగ్గ పక్కనుంచి చుక్క చుక్కగా పోశాను. "మింగు మా తల్లి, మింగు నా బంగారం," అని అవ్వ, అక్క, సారు ముగ్గురూ ఒకేసారి గుటక వేశారు. పిల్ల కూడా వేసింది. అప్పటికి పదకొండున్నర.

ఈ మందుతో బీపీ ఒక్కసారిగా పడిపోవచ్చు. లేపకూడదు, కూర్చోబెట్టకూడదు. పదిహేను నిమిషాలకోసారి బీపీ, నాడి, ఊపిరి లెక్క, వీపు మీద చెవి. అన్నిటికంటే ముఖ్యం కాళ్లు. కాళ్లు వెచ్చబడుతున్నాయా లేదా అని ఎలా తేల్చాలి? ముట్టుకున్న ప్రతిసారీ ఆశ ఒకటి చెబుతుంది, భయం ఇంకోటి చెబుతుంది. అందుకని బాల్‌పెన్ను తీసి, చలవ ఎక్కడ మొదలవుతుందో అక్కడ కాలి మీద గీత గీశాను. మోకాలి కింద మొదటి గీత, పక్కన టైము. నా చేతిని నేను నమ్మలేక అవ్వను కూడా తడమమన్నాను. అవ్వ కళ్లు మూసుకుని, ఎన్ని వేల చేతులు నిమిరిందో ఆ అరచేతితో, పైనుంచి కిందికి మెల్లగా జరిపి, నా గీత దగ్గరే ఆగింది. "గీడ," అన్నది.

పన్నెండింటికి బీపీ నూట నలభై. గీత కదల్లేదు. పన్నెండుంబావుకు కూడా కదల్లేదు. సారు బయట బెంచీ మీద కూర్చుని మోకాళ్ల మీద మోచేతులు పెట్టుకుని ప్రార్థన చేస్తున్నాడు. పన్నెండున్నరకు అవ్వ అరచెయ్యి నా గీత దాటి రెండు వేళ్లు కిందికి పోయి ఆగింది. "గీడికొచ్చింది!"

నేను తడిమి చూశాను. నిజమే. రెండో గీత గీశాను.

ఒంటిగంటకు అంబులెన్స్ వచ్చింది. అప్పటికి బీపీ నూట ఇరవై, ఆక్సిజన్ తొంభై ఏడు, వీపు వెనక చప్పుళ్లు బాగా సన్నగిల్లాయి. సీనియర్‌కి మళ్లీ ఫోన్ చేశాను. "మందు పనిచేస్తున్నది. మలుపు దగ్గరున్నది, ఇప్పుడు కుదుపొద్దు. బండి వాకిట్లనే ఉంచు, ఏ మాత్రం తేడా వచ్చినా బయలుదేరు," అన్నాడు. డ్రైవరన్న కూడా లోపలికొచ్చి గీతలు చూసి, "ఇదేంది మేడం, టేపు గీసిండ్రు," అన్నాడు. మెల్లగా గీతలు పిక్క దాటాయి, చీలమండ దాకా వచ్చాయి. అక్కడే ఆగిపోయాయి. రెండున్నరకు, అంటే సరిగ్గా మూడు గంటలయ్యాక, వేళ్లింకా చల్లగానే ఉండటంతో అదే లెక్కన రెండో డోసు పోశాను.

ఆ ఖాళీలో అవ్వ మెల్లగా చెప్పింది. "నలభై ఏండ్ల సంది దించుతున్న బిడ్డా. ఇయ్యాల దీని కాళ్లు సల్లబడంగనే నా నోట మంత్రమే రాలే. మొత్తం మర్చిన. దిగింది దిగింది అని నాకు నేనే చెప్పుకున్న." నేను కూడా నా పొరపాటు చెప్పాను, వేలు చూసి చీటీ రాసేసిన సంగతి, సెలైన్ సంగతి. చెప్పేసరికి ఏడుపొచ్చింది. అవ్వ నా తల నిమిరింది, పైనుంచి కిందికి. దించిందేమో తెలియదు గానీ నాకు మాత్రం తేలికైంది.

తేలు కుట్టినవాళ్లలో చాలామందికి నొప్పి తప్ప ఇంకే ప్రమాదమూ ఉండదు. నొప్పి కొన్ని గంటల్లో దానంతటదే తగ్గుతుంది. అందుకే అవ్వ నలభై ఏళ్లుగా ఓడిపోలేదు. విషం ఒంట్లోకి బాగా పాకినవాళ్లలోనే కథ తిరగబడుతుంది. నొప్పి తెలియదు, ఒళ్లు చల్లబడుతుంది. వాళ్లు తేరుకుంటున్నారనడానికి గుర్తు ఏమిటో సీనియర్ ఫోన్లో చెప్పాడు. "నొప్పి తిరిగొస్తది. ఏడిస్తే నాకు మెసేజ్ పెట్టు."

ఆ మాట నేను అవ్వకు చెప్పడం మర్చిపోయాను.

మూడున్నర దాటింది. అవ్వ అరచెయ్యి కాలివేళ్ల చివరల దాకా పోయి, గాల్లోకి జారిపోయింది. గీత గీయడానికి చోటు మిగల్లేదు. పిల్ల కనుబొమలు ముడిచింది. చూపుడు వేలును ఇంకో చేత్తో పట్టుకుంది. పెదవులు వంకర్లు పోయాయి. ఆపైన మాస్కు ఎగిరిపోయేలా ఒక్కటే కేక.

"అవ్వా! నొస్తున్నదే! వేలు మండుతున్నదే అవ్వా!"

అప్పుడే నేను చప్పట్లు కొట్టింది. ఒక్కసారి కాదు, చిన్నపిల్లలా గెంతుతూ కొట్టాను. అక్క నన్ను కౌగిలించుకుంది. సారు పరిగెత్తుకొచ్చి, ఏమైందో అర్థంకాక, అయినా "స్తోత్రం, స్తోత్రం" అన్నాడు. డ్రైవరన్న గుమ్మంలో నిలబడి ఈ పిచ్చి దవాఖానను చూస్తున్నాడు. బయటికి మోసుకుపోయింది ఆయనే, చప్పట్ల సంగతి.

అవ్వ మాత్రం కొంగు నడుముకు దోపి నా మీదికొచ్చింది. "నవ్వుతవా? పోరి సచ్చేటట్టు ఏడుస్తుంటే నవ్వుతవా? నేను దించితిని, నువ్వు మల్ల ఎక్కిస్తివి! గిదేనా నీ సదువు?"

"అవ్వా, నొప్పొచ్చిందంటే బతికినట్టే! నీ మనుమరాలు బతికింది అవ్వా!"

అవ్వ ఆగిపోయింది. నన్ను చూసింది, పిల్లను చూసింది. వంగి పాదాలు పట్టుకుంది. పాదాలు వెచ్చగా ఉన్నాయి. ఆ పాదాల మీద తల ఆనించి, రాత్రంతా రాల్చని కన్నీళ్లన్నీ రాల్చింది. పిల్ల ఏడుస్తోంది, అవ్వ ఏడుస్తోంది, నేను నవ్వుతూ ఏడుస్తున్నాను. ఇంత సంతోషంగా నేను ఎప్పుడూ లేను.

కాసేపటికి అవ్వ ముక్కు తుడుచుకుని, చాలా మర్యాదగా నన్ను అడిగింది. "ఇప్పుడు దించనా డాక్టరమ్మా?"

దవాఖాన మీటింగులో నా ఉపన్యాసం గుర్తొచ్చింది. చిక్కుడుకాయ కూడా గుర్తొచ్చింది.

"దించు అవ్వా," అన్నాను.

అక్క బయటి వేపచెట్టు నుంచి మండ తెంపుకొచ్చింది. అవ్వ భుజం నుంచి కిందికి నిమురుతూ ఊదుతుంటే, నేను వేలి మొదట్లో రెండు పక్కలా మొద్దుబార్చే మందు సన్న సూదితో ఎక్కించాను. ఐదు నిమిషాల్లో పిల్ల ఏడుపాపి బిస్కెట్ అడిగింది. సారు డబ్బా వైపు చేతులు చాపింది. అందులో బిస్కెట్లు ఎన్నేళ్ల కిందటో అయిపోయాయని చెప్పడానికి ఆయన పడ్డ అవస్థ చూడాలి.

తెల్లారి పట్నం నుంచి అమ్మానాన్నలు ఖాళీ పూల సంచులతో నేరుగా దవాఖానకు వచ్చారు. అదే అంబులెన్సులో పిల్లను చేవెళ్ల పెద్ద దవాఖానకు పంపాం, గుండె పరీక్ష చేసి ఒక రోజు కనిపెట్టుకుని ఉండటానికి. మూడో రోజు ఆ పిల్ల నా బల్ల ముందు నిలబడి, కాలి మీద ఇంకా చెరగని గీతలు చూపించి, "ఇవి పోతలేవు," అని ఫిర్యాదు చేసింది.

ఇప్పుడు మా అల్మరాలో ప్రాజోసిన్ ఎప్పుడూ ఉంటుంది. నీలం డబ్బా సారు నాకే ఇచ్చేశాడు. మూత మీద ఆయన గుండ్రటి అక్షరాలతో కాగితం అంటించి ఉంది: "పారేయొద్దు." నేను కాదనలేదు.

పిల్లను బతికించిందెవరన్న వాదన మాత్రం ఇంకా తెగలేదు. సారు ప్రార్థన అంటాడు. అక్క సెలైన్ చక్రం వైపు చూసి నవ్వుతుంది. అవ్వ ఊళ్లో చెప్పేది వేరు: "డాక్టరమ్మ నొప్పి తెచ్చింది, నేను దించిన."

మొన్న సాయంత్రం దవాఖాన వాకిట్లో పెద్ద గోల. ఆరడుగుల మొగమనిషిని ఇద్దరు పట్టుకొస్తున్నారు. తేలు కుట్టిందట. ఊరంతా వినేలా అరుస్తున్నాడు. వెనకాలే అవ్వ, చేతిలో వేపమండతో, తాపీగా నడిచొస్తోంది. నా బల్ల దగ్గరికొచ్చి, నాకంటే ముందు తనే రిపోర్టు ఇచ్చింది.

"కాళ్లు చూసిన బిడ్డా, ఎచ్చగున్నయి. మంచిగ ఏడుస్తున్నడు. ఫికర్ లేదు. నువ్వు సూదియ్యి, నేను దించుత."